ఆదివారం మధ్యాహ్నం భోజనాలు: తల లెక్క, వంట లెక్క

వదినా, భోజనాల పిలుపులకు వచ్చిన జవాబులని మీరు పంపిన 14 స్క్రీన్‌షాట్లూ చూశాను. వంటాయనకు 90 ప్లేట్లు ఖాయమని చెప్పండి, 100 దాకా పెంచగలిగేలా మాట్లాడుకోండి. లెక్క ఎలా వచ్చిందో కింద రాస్తున్నా, అన్నయ్య అడిగితే చూపించండి.

ముందు డబుల్స్ తీసేశాను. 5, 6 స్క్రీన్‌షాట్లలో మూడు మెసేజ్‌లు రెండుసార్లు పడ్డాయి (పైకి జరుపుతూ తీసినప్పుడు ఇలాగే అవుతుంది). పెద్దమ్మగారి పెద్దకోడలు గ్రూపులో "వస్తాం" అని, మీకు విడిగా "నలుగురం" అని పెట్టింది. రెండూ ఒకటే, నలుగురే. 9లో పైన పేరు తెగిపోయింది, కానీ ఫొటో 11లో ఉన్న బాబాయిగారిదే, అందుకని విడిగా వేయలేదు. చివరికి పిలిచిన 38 ఇళ్లలో 31 ఇళ్ల జవాబులు తేలాయి: వస్తామన్నవాళ్లు 17, రామన్నవాళ్లు 5, ఎటూ తేల్చనివాళ్లు 9.

వస్తామన్న 17 ఇళ్లలో అయిదిళ్లవాళ్లు ఎంతమందో చెప్పలేదు. "వస్తాం" అంటే ఇద్దరూ కావచ్చు, ఆరుగురూ కావచ్చు కాబట్టి పిలుపుల లిస్టులో ఆ ఇంటికి రాసుకున్న సంఖ్యే వేశాను. అలా పెద్దలు 47, పిల్లలు 13. వెంట వచ్చేవాళ్లు మూడుచోట్ల ఉన్నారు: "ముగ్గురం, అమ్మ వస్తే నలుగురం", "ఫ్రెండుతో వస్తా", "ఒకరిద్దరు ఎక్కువ కావచ్చు". ఒక్కోచోట ఒకరి చొప్పున వేస్తే పెద్దలు 50. అయిదేళ్ల లోపు పిల్లలు నలుగురు ఈ 13లో లేరు, వాళ్లకు ప్లేటు వేయలేదు.

అసలు చిక్కు ఆ 9 ఇళ్ల దగ్గరే. అన్నింటినీ సగం చేసేస్తే తప్పు వస్తుంది, మాటను బట్టి చూడాలి.

"సెలవు దొరికితే వస్తాం", "టికెట్ వెయిటింగ్‌లో ఉంది" అని కారణం చెప్పినవాళ్లకు రావాలనే ఉంది. నాలుగిళ్లు, పెద్దలు 12, పిల్లలు 4. ముప్పావు వంతు వేశాను: 9, 3.
"చూస్తాం" అన్నవి మూడిళ్లు, పెద్దలు 8, పిల్లలు 2. సగం: 4, 1.
"ట్రై చేస్తాం" అన్నవి రెండిళ్లు, పెద్దలు 5. ఇది మొహమాటంతో రామని చెప్పడమే. ఒక్కరిని వేశాను.

బొటనవేలు గుర్తు మాత్రమే పెట్టినవాళ్లను జవాబు లేనివాళ్లలోనే ఉంచాను. మెసేజ్ చూశామని తప్ప దానికి వేరే అర్థం లేదు. అలాంటివాళ్లతో కలిపి 7 ఇళ్లు. వాటిలో ఊళ్లో ఉన్న మూడిళ్ల 7గురిలో ఇద్దరిని వేశాను, దూరంవాళ్లు 9 మందిని వదిలేశాను.

మొత్తం పెద్దలు 66, పిల్లలు 17. పిల్లలకు సగం ప్లేటు చొప్పున 9, అంటే 75. దీనికి మన ఇంటివాళ్లం 8 మందిమి, ఫొటోలవాళ్లు, డ్రైవర్లు, సాయానికి వచ్చేవాళ్లు 5గురు కలపాలి (ఏ స్క్రీన్‌షాట్‌లోనూ కనపడనిది వీళ్లే). 88, అంటే 90. ఖాయమన్నవాళ్లే వస్తే 70, అందరూ దిగితే 115 దగ్గర పడుతుంది.

90కి సరుకు:
బియ్యం 12 కిలోలు (మనిషికి 130 గ్రాములు)
పప్పు 3 కిలోలు
రెండు కూరలకు తరిగిన కూరగాయలు 8 కిలోల చొప్పున
పెరుగు 10 లీటర్లు
స్వీటు 120
మంచినీళ్లు 20 లీటర్ల క్యాన్లు 5
ప్లేట్లు, గ్లాసులు 125

స్వీటు, ప్లేట్లు మాత్రం తలకాయల లెక్కే. పిల్లలు అన్నం సగమే తింటారు గానీ స్వీటు సగం తినరు. రెండు కూరలున్నాయి కదా అని ఒక్కోదాన్ని సగానికి తగ్గించమంటే ఒప్పుకోకండి, అందరూ రెండూ వేయించుకుంటారు. మనిషికి 80 గ్రాములు పట్టి, పైన పదోవంతు కలిపాను. మనుషులు పెరిగితే అన్నం ముప్పావుగంటలో ఇంకో వాయి దించొచ్చు, అందుకు 2 కిలోల బియ్యం విడిగా ఉంచమనండి. అయిపోయిన కూరను అప్పటికప్పుడు చేయలేం. అందుకే ఎక్కువ చేయాల్సి వస్తే కూర, పెరుగు పెంచండి, అన్నం కాదు.

వంటాయన శుక్రవారం పొద్దున సరుకు తెస్తాడు కాబట్టి గురువారం రాత్రికల్లా తేల్చాలి. ఆ 9 ఇళ్లకూ, జవాబు రాని 7 ఇళ్లకూ ఈ మెసేజ్ విడివిడిగా పంపండి, గ్రూపులో వద్దు:

"ఆదివారం భోజనాలకు వంటవాళ్లకు లెక్క చెప్పాలి. మీ ఇంటినుంచి పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది? గురువారం సాయంత్రంలోపు చెప్పండి."

"వస్తున్నారా?" అని అడిగితే మళ్లీ "చూస్తాం" అనే వస్తుంది. జవాబులు స్క్రీన్‌షాట్లుగా వద్దు, ఇంటిపేరు, పెద్దలు, పిల్లలు అని ఒక్కో లైను రాసి పంపండి. లెక్క 95 దాటితే వెంటనే ఫోన్ చేయండి, కూర 9 కిలోల చొప్పున చేయమని చెప్పాలి.