రాజీనామా, నోటీసు గడువు తగ్గింపు కోసం మనవి

భీమవరం,
జూన్ 2, 2025.

జనరల్ మేనేజర్ గారికి,
సార్, నమస్కారం.

అకౌంట్స్ విభాగంలో నా ఉద్యోగానికి ఈ ఉత్తరంతో రాజీనామా ఇస్తున్నాను. అమ్మ సఖినేటిపల్లిలో ఒక్కతే ఉంటోంది, మోకాళ్లు బాగా పోయాయి. వారానికోసారి నరసాపురంలో పంటు దాటి వెళ్లొస్తే ఇక సరిపోవడం లేదు. వరదొచ్చి పంటు ఆగిందంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. అందుకే ఇంటికి దగ్గరగా రాజోలులో ఉద్యోగం చూసుకున్నాను. వాళ్లు జూలై 24న చేరమంటున్నారు.

అపాయింట్‌మెంట్ ఆర్డరు ప్రకారం నేను 90 రోజుల నోటీసు ఇవ్వాలి. రేపటి నుంచి లెక్కిస్తే అది ఆగస్టు 31తో ముగుస్తుంది. వీలైతే జూలై 21 సాయంత్రం నన్ను రిలీవ్ చేయమని మనవి. ఆ తేదీ ఊరికే అనుకున్నది కాదు. జూన్ నెల 3బీ రిటర్న్‌కి గడువు జూలై 20, ఆ రోజు ఆదివారం. దాన్ని ముందే ఫైల్ చేసి, సోమవారం తాళాలు, ఫైళ్లు అప్పగించి వెళ్తాను. జూలై నెలాఖరులో వేయాల్సిన టీడీఎస్ రిటర్న్ కూడా సిద్ధం చేసే ఉంచుతాను.

అలా చేస్తే 41 రోజులు తగ్గుతాయి. నాకున్న 16 రోజుల ఈఎల్ అందులో సర్దితే 25 మిగులుతాయి. వాటికి డబ్బు కట్టడానికి నేను సిద్ధమే. ఆర్డరులో ‘జీతం’ అని మాత్రమే ఉంది, బేసిక్కో గ్రాసో రాయలేదు. బేసిక్ 24,000 మీద 20,000 అవుతుంది, గ్రాస్ 39,000 మీద 32,500. కొత్త చోట ఈ డబ్బు ఇవ్వరు, నేనే పెట్టుకోవాలి. కాబట్టి బేసిక్ మీద తీసుకుంటే నాకు పెద్ద సాయం. గ్రాస్ మీదే అన్నా కాదనను, కాకపోతే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పట్టుకోండి, విడిగా కట్టమంటే కష్టం.

నా అసలు బెంగ రైతుల ఖాతాల గురించి. పట్టుబడి డబ్బు ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరు మేత కింద ముందే తీసుకున్నారు అనేవి సగం ట్యాలీలో, సగం నా నోటుబుక్కులో ఉన్నాయి. అది నా తప్పే. ఈ నెలాఖరులోగా అన్నీ ట్యాలీలో ఎక్కించి, జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఖాతా చూపిస్తాను. వెళ్లాక కూడా ఆగస్టు నెలంతా ఏ సందేహమొచ్చినా ఫోన్ ఎత్తుతాను. ఆడిటర్ గారు పిలిస్తే ఓ ఆదివారం వచ్చి కూర్చుంటాను.

జూలై 21 మరీ తొందర అనిపిస్తే, మీకు కుదిరే తేదీ చెప్పండి. నాలుగైదు రోజులు అటూ ఇటూ అయితే రాజోలు వాళ్లను అడిగి చూస్తాను. ఏదైనా ఈ శుక్రవారంలోగా తెలిస్తే వాళ్లకు మాట ఇవ్వగలను. ఒప్పుకుంటే ఆ తేదీ, కట్టాల్సిన మొత్తం ఈమెయిల్‌లో రాసి పంపమని, రిలీవింగ్ లెటర్‌లో నోటీసు మీ అనుమతితోనే తగ్గినట్టు చూపమని కోరుతున్నాను.

ఏడేళ్ల కిందట వోచర్ రాయడం కూడా సరిగ్గా రాని నన్ను ఓపిగ్గా భరించారు. ఈ మాట ఎదురుగా చెప్పాలని రెండుసార్లు మీ క్యాబిన్ దాకా వచ్చి వెనక్కి వెళ్లాను సార్.

ఇట్లు,
మీ విధేయుడు,
సత్యనారాయణ,
సీనియర్ అకౌంటెంట్