తిరిగే చక్రం ఎందుకు ఒరగనంటుంది?

రేపు మధ్యాహ్నం ఫిజిక్స్ ల్యాబులో ఫస్టియర్ వాళ్లందరి చేతికీ ఒక సైకిల్ చక్రం ఇస్తాను. హనుమకొండ చౌరస్తా దగ్గర సైకిల్ షాపులో కొన్న పాత ముందు చక్రం అది. టైరు, ట్యూబు తీసేసి రిమ్ము గాడి నిండా బైండింగ్ వైరు చుట్టాం. ఇరుసు రెండు కొసలకూ పిడులు బిగించాం. దాన్ని పట్టుకునే ముందు ఇది చదివి రండి. చదవకుండా పట్టుకుంటే "అబ్బ, ఎంత గట్టిగా ఉంది సార్" అని వదిలేస్తారు. చదివి పట్టుకుంటే అది ఎటు జరుగుతోందో చూస్తారు. నాకు కావాల్సింది ఆ చూపే.

రెండు పిడులూ రెండు చేతులతో పట్టుకుని చక్రాన్ని మీ ముందు నిటారుగా ఉంచండి. తిప్పకుండా ఎడమ చెయ్యి పైకి లేపి, కుడి చెయ్యి కిందికి దించితే చక్రం బుద్ధిగా కుడివైపు ఒరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు.

ఇప్పుడు మీ పక్కన ఉన్నవాళ్లు దాన్ని జోరుగా తిప్పాలి, చక్రం పైభాగం మీ నుంచి దూరంగా పోయేలా. అదే పని మళ్లీ చేయండి: ఎడమ చెయ్యి పైకి, కుడి చెయ్యి కిందికి. చక్రం ఒరగదు. ఎడమ పిడి ముందుకు దూసుకుపోతుంది, కుడి పిడి మీ ఛాతీ వైపు వస్తుంది. అంటే మీరు కుడికి ఒరగమంటే చక్రం కుడికి మలుపు తిరిగింది. మొదటిసారి ఇది చేతికి తగిలినప్పుడు, లోపల ఎవరో ఉండి తోస్తున్నట్టే అనిపిస్తుంది. లోపల ఉన్నది బైండింగ్ వైరే.

ఎందుకిలా? చక్రం మొత్తాన్ని ఒకేసారి తలుచుకుంటే బుర్ర తిరుగుతుంది. అందుకే రిమ్ము మీద ఒకచోట ఎర్ర టేపు అంటించాం. ఆ టేపు కింది ముక్క ఒక్కదాన్నే వెంబడించండి.

మీరు చక్రాన్ని కుడికి ఒరగదోస్తున్నారంటే, చక్రం పైసగంలో ఉన్న ప్రతి ముక్కనూ కుడికి, కింది సగంలో ఉన్న ప్రతి ముక్కనూ ఎడమకు నెడుతున్నారు. ఎర్ర ముక్క మీ ఛాతీ దగ్గర నుంచి పైకెక్కి, మీద నుంచి ముందుకు దిగుతుంది. ఆ పైసగం దారి పొడుగునా కుడికి నెట్టుడు పడుతూనే ఉంటుంది. వేగంగా పరిగెత్తే పిల్లాణ్ని పక్కనుంచి నెడితే నెట్టినచోటే పక్కకు పడడు, పరుగు ఆగదు కాబట్టి ముందుకు పోతూ పోతూ పక్కకు జరుగుతాడు. ఎర్ర ముక్కదీ అదే కథ. దాని కుడివైపు వేగం కొంచెం కొంచెం పోగై, చక్రం ముందు కొసకు చేరేసరికి అన్నిటికంటే ఎక్కువవుతుంది. అక్కడి నుంచి కింది సగం మొదలు. ఇప్పుడు ఎడమకు నెట్టుడు. కుడి వేగం తరిగి, సున్నా అయి, ఎడమ వేగంగా మారి, మీ ఛాతీ దగ్గరికి వచ్చేసరికి అది ఎక్కువవుతుంది.

మొత్తం కలిపి చూడండి. ముందు కొసలో ఉన్న ముక్కలన్నీ కుడికి పోతున్నాయి, మీ వైపు కొసలో ఉన్నవి ఎడమకు పోతున్నాయి. పైనా కిందా ఉన్నవి ఎటూ పోవడం లేదు. ముందు కొస కుడికి, వెనక కొస ఎడమకు పోవడమంటే కుడికి మలుపు తిరగడమే కదా! నెట్టుడు పైన మొదలైంది, దాని ఫలితం పావు చుట్టు తర్వాత బయటపడింది. ఆగి ఉన్న చక్రంలో పై ముక్క పైనే ఉంటుంది కాబట్టి ఫలితం కూడా అక్కడే కనిపిస్తుంది, చక్రం ఒరుగుతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. ఈ పక్క మలుపునే ప్రిసెషన్ అంటారు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. తిరిగే చక్రానికి ఏదో గట్టిదనం వస్తుందనుకుంటారు. అది నిజం కాదు, దీన్ని ల్యాబులోనే తేలుస్తాం. పిడులు పైకీ కిందికీ మాత్రమే కదిలేలా, ముందుకూ వెనక్కూ కదలకుండా చెక్కకు రెండు నిలువు గాడులు కోయించాం. పిడులను ఆ గాడుల్లో పెట్టి, చక్రం ఎంత జోరుగా తిరుగుతున్నా సరే, ఒరగదోయండి. ఆగి ఉన్న చక్రంలాగే సులువుగా ఒరుగుతుంది. పక్కకు మలిగే దారి మూసేస్తే మొండితనం కూడా పోతుంది. ఆ తోపునంతా ఇప్పుడు చెక్క గోడలు భరిస్తున్నాయి.

పుస్తకం భాషలో చెప్పాలంటే, చక్రానికి కోణీయ ద్రవ్యవేగం L ఉంది, మీరు ఇచ్చేది టార్క్ τ. చక్రం వేగంగా తిరిగేటప్పుడు పక్కకు మలిగే వేగం Ω ఇంత:

Ω = τ / L

L ఎక్కువైతే Ω తగ్గుతుంది. వేగంగా పోయే ముక్క దారిని అదే నెట్టుడు కొద్దిగానే వంచగలదు కాబట్టి ఇలా జరుగుతుంది. బరువు నడిమిలో కంటే అంచున ఉంటే L పెరుగుతుంది, వైరు రిమ్ము గాడిలో చుట్టింది అందుకే.

తర్వాత ఒక పిడికి తాడు కట్టి వేలాడదీస్తాం, రెండో పిడి వదిలేస్తాం. చక్రం పడిపోకుండా తాడు చుట్టూ మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. అంచు బరువు 2 కిలోలు, వ్యాసార్థం 30 సెంటీమీటర్లు, తాడు నుంచి చక్రం మధ్యకు 10 సెంటీమీటర్లు, సెకనుకు 3 చుట్లు అనుకుంటే, తాడు చుట్టూ ఒక ప్రదక్షిణకు దాదాపు 11 సెకన్లు పట్టాలి. సెకనుకు 6 చుట్లయితే 22 సెకన్లు. బరువు మాయమైందనుకోకండి. తాడుకు స్ప్రింగ్ త్రాసు తగిలిస్తే చక్రం మొత్తం బరువు చూపిస్తూనే ఉంటుంది. పిడి వదిలిన క్షణంలో చక్రం కొద్దిగా కిందికి దిగుతుంది, అది కూడా కళ్లారా చూడండి. వేగం తగ్గేకొద్దీ ప్రదక్షిణ జోరందుకుని చివరికి వాలిపోతుంది. బొంగరం ఆగిపోయే ముందు ఊగడం చూశారుగా, లెక్క అదే.

"అయితే సైకిల్ పడకుండా ఉండేది దీనివల్లేనా సార్?" అని ప్రతి ఏడూ అడుగుతారు. ఇది సాయం చేసే మాట నిజం, కానీ అసలు కారణం ఇదొక్కటే కాదు. 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు కలిసి, ఎదురు దిక్కున తిరిగే అదనపు చక్రాలతో ఈ ప్రభావాన్ని రద్దు చేసిన సైకిల్ ఒకటి తయారుచేశారు. మనిషి లేకుండా తోసి వదిలినా అది తనంతట తాను నిలబడి పోయింది. మీరు వాలిన వైపు హ్యాండిల్ తిప్పుతున్నారు, చక్రాలు మీ కిందికి వస్తున్నాయి. నిలబెట్టడంలో పెద్ద వాటా దానిదే.

జైరోస్కోప్ అనే పేరు పెట్టింది ఫ్రాన్సు శాస్త్రవేత్త ఫూకో, 1852లో. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని ఇంధనం కాల్చకుండా తిప్పడానికి నిమిషానికి 6600 చుట్లు తిరిగే పెద్ద చక్రాలు 4 ఉన్నాయి. మీ ఫోన్లోని జైరోస్కోప్‌లో మాత్రం చక్రమే లేదు, కంటికి కనపడనంత చిన్న ముక్క కంపిస్తూ ఉంటుంది.

జడలు, చున్నీలు వెనక్కి కట్టుకుని రండి, వేళ్లు పుల్లల దరిదాపుల్లోకి పోనివ్వకండి. చివర్లో చక్రాన్ని ఎదురు దిక్కున, అంటే పైభాగం మీ వైపు వచ్చేలా తిప్పి ఇస్తాను. ఎడమ చెయ్యి పైకి లేపితే ఏ పిడి ముందుకు పోతుంది? ఎర్ర ముక్కను వెంబడించి, జవాబు నోటుబుక్కులో రాసుకుని రండి. రాసినవాళ్లకే ముందు చక్రం ఇస్తాను.