బస్సు అద్దం మీద ఆవిరి

వాన పట్టిందంటే పాడేరు బస్సు అద్దాలన్నీ పాలు పూసినట్టు తెల్లబడిపోతాయి. ఐదో తరగతి కిట్టుకు కిటికీ పక్క సీటు దొరికినా లాభం ఉండదు. కాఫీ తోటలు కనిపించవు, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లూ కనిపించవు. అరచేత్తో తుడిస్తే చారెడు మేర కనిపిస్తుంది గానీ, నాలుగు మలుపులు తిరిగేసరికి అదీ మూసుకుపోతుంది.

"మాస్టారూ, వాన నీళ్లు అద్దంలోంచి ఊరుతూ లోపలికొస్తున్నాయా అండీ?" పక్కన కూర్చున్న సైన్సు మాస్టారిని అడిగాడు.

"తుడిస్తే పోయింది కదా. మరి నీ చెయ్యి ఏ వైపుందిరా?"

కిట్టు అరచెయ్యి చూసుకున్నాడు. తడిగా ఉంది. అద్దానికి అవతల వాన చినుకులు ఎప్పట్లాగే జారుతున్నాయి. అంటే ఈ తెలుపు లోపలిదే.

"గాజులోంచి నీళ్లు ఊరవు. ఆ మూల రబ్బరు చిరిగింది చూడు, అక్కడ కారేది వాన నీరు. ఇది వేరు. ఎక్కడినుంచి వస్తోందో రెండు రోజులు చూసి నువ్వే చెప్పు."

మర్నాడు కిట్టు బస్సు బయల్దేరే చోటే ఎక్కాడు. లోపల ఐదుగురే. బయట వాన పడుతూనే ఉంది, అద్దాలు మాత్రం తేటగా ఉన్నాయి. తర్వాతి స్టాపులో సంతకెళ్లేవాళ్లు ముప్పై మంది దాకా తడి గొడుగులతో, తడి బట్టలతో ఎక్కారు. పది నిమిషాల్లో అద్దాలన్నీ తెల్లన. కండక్టరమ్మ నాలుగు వేళ్ల సందు తెరిచి పెట్టుకున్న కిటికీ ఒక్కటే మసకబారలేదు. అన్నీ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాడు.

"జనం ఎక్కాకే వస్తోందండీ. గాలి ఆడే చోట రావట్లేదు."

మాస్టారి ముఖం వెలిగింది. "అద్దం మీద ఊదు."

కిట్టు తుడిచిన చోట హా అని ఊదాడు. రూపాయి బిళ్లంత తెలుపు పరుచుకుంది.

"మన ఊపిరి వెచ్చన, నిండా తడి. ఊరికే కూర్చున్న మనిషి కూడా గంటకు సుమారు 15 గ్రాముల నీళ్లు ఊపిరిలో వదులుతాడు. నలభై మందికి ఎంత?"

"600 గ్రాములు... అరలీటరు పైనే!"

"తడి బట్టల ఆవిరి దానికి అదనం. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలిలో 30 గ్రాముల దాకా నీటి ఆవిరి ఇముడుతుంది. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే. మిగతాది నీరై ఎక్కడో ఒకచోట దిగాలి. వానకు చల్లబడింది అద్దమే కాబట్టి దాన్ని తాకిన గాలి అక్కడే దించేస్తుంది."

"అన్నం గిన్నె మూత కింద చుక్కల్లాగా!"

"అదే."

కిట్టు అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. తెల్లటి పొర కాదది, ఆవగింజలో పదో వంతు కూడా లేని బిందువులు, లక్షల్లో. ఒక్కో బిందువూ వెలుతురును ఒక్కో వైపు చెదరగొడుతుంటే చెట్టు చెట్టులా ఎలా కనిపిస్తుంది? రెండు బిందువులు కలిశాయి. మూడోది తోడయ్యేసరికి బరువెక్కి కిందికి జారింది. జారిన దారి మటుకు తేటపడింది.

దిగేటప్పుడు డ్రైవరును అడిగాడు. "బాబాయ్, నీ ముందద్దం తెల్లబడదేం?"

"వైపరు బయటే తుడుస్తుంది బాబూ, లోపలి ఆవిరికి అది పనికిరాదు. పొద్దున్నే తడిగుడ్డ మీద ఒక్క చుక్క షాంపూ వేసి లోపలి వైపు రాస్తా. తర్వాత పొడిగుడ్డతో అద్దం మెరిసేదాకా రుద్దాలి. ఎక్కువైతే చారలు పడి, రాత్రి ఎదుటి బండి లైటుకు ఏమీ కనపడదు."

షాంపూ ఉన్నచోట నీరు బిందువులుగా ముద్దకట్టకుండా పలచగా పరుచుకుంటుంది. ఆ పొరలోంచి చూపు ఆగదు. మర్నాడు కండక్టరమ్మను అడిగి కిట్టు తన కిటికీలో సగానికే రాశాడు. సంత జనం ఎక్కాక ఒక సగం తెల్లబడింది, రెండో సగంలో కాఫీ తోటలు వరసగా వెళ్లిపోయాయి. రెండు రోజులకు ఆ సగమూ మసకబారింది. మళ్లీ రాయాలి.

ఆగస్టులో అమ్మతో విశాఖపట్నం వెళ్లినప్పుడు ఏసీ బస్సెక్కారు. తెల్లారగట్ల అద్దం అంతా మసక. అమ్మ చీర కొంగుతో తుడిచింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దింది.

"అమ్మా, ఆగు," అన్నాడు కిట్టు. వేలితో అద్దాన్ని తాకి చూశాడు. పొడిగా, చల్లగా ఉంది. "ఇక్కడ చల్లన లోపల, ఉక్క బయట. తుడవాలంటే కిందికి దిగాలి."