అరైవల్ గేటు కాడ: ఇద్దరి రోల్‌ప్లే

రమణమ్మ, 34 ఏళ్ళు. కువైట్‌లో ఒక ఇంట్లో వంటా, పాచిపనీ చేసి, రెండేళ్ళ అకామా, అంటే అక్కడ ఉండి పనిచేసే అనుమతి, ముగించుకుని వస్తోంది. పెంచలయ్య, ఆమె భర్త, 39 ఏళ్ళు. నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర పల్లె. మెట్ట సేద్యం, కూలి. ఇద్దరు ఆడపిల్లలు. చోటు చెన్నై విమానాశ్రయంలో విదేశీ ప్రయాణికులు బయటికొచ్చే గేటు. పొద్దున ఆరుంబావు.

రెండు కుర్చీల మధ్య నడుమెత్తున తాడు కడితే అదే రైలింగు. తాడు పది పన్నెండు అడుగులు ఉండాలి, ఒక చివర మనిషి పట్టే సందు వదలాలి. ట్రాలీకి చక్రాల కుర్చీ చాలు. దాని మీద తాడుతో బిగించిన అట్టపెట్టె, మీద మార్కరుతో పేరు, ఊరు.

మొదలుపెట్టే ముందు ఒకటి గట్టిగా మనసులో పెట్టుకోండి. వీళ్ళు రెండేళ్ళూ ఐమో వీడియో కాల్‌లో దాదాపు రోజూ మొహాలు చూసుకున్నవాళ్ళే. అందుకే “ఎంత మారిపోయావో” అనే మాట ఇక్కడ అబద్ధంగా వినబడుతుంది. ఫోన్లో కనపడనిది మొహం కాదు, మెడ కింది మనిషి. చేతులు, నడక, ఎత్తు, ఒంటి వాసన. ఈ సీను బలమంతా అందులోనే ఉంది. ఇద్దరూ ఒక్కొక్కటి దాచారు. ఆమె చేతులు దాచింది, అతను కాలు దాచాడు.

ఆమె కువైట్ సిమ్ ఇక్కడ పలకదు, పాత నంబరు రీచార్జి లేక పోయింది. కాబట్టి ఫోను లేదు, కళ్ళతోనే వెతుక్కోవాలి.

(రమణమ్మ ట్రాలీ తోసుకుంటూ వస్తుంది. మొదట తప్పు వైపు చూస్తుంది.)

పెంచలయ్య: (చెయ్యెత్తి) రమణా! ఈడ! ఈ పక్కమ్మే!

రమణమ్మ: ఆ, చూసినాలే. ఉండు, ఈ బండి చక్రమొకటి తిరగడంలా. పక్కకి లాగతా ఉండాది.

పెంచలయ్య: చివరిదాకా రా. ఆడ సందుంది. ఈడ దాటనియ్యరు.

(ఇద్దరూ తాడుకి అటొకరు ఇటొకరు పక్కపక్కనే నడవాలి. ఈ పది అడుగులూ తొందరపడకండి. చాలామంది ఇక్కడే పరుగెత్తి కావిలించుకుని సీను చంపేస్తారు. అంతమంది ముందు ఈ పల్లె జంట అట్లా చెయ్యదు. చెయ్యలేకపోవడమే చూసేవాళ్ళకి అందాలి. మాట్లాడేది మాత్రం సామాన్ల గురించే.)

పెంచలయ్య: ఇమానం దిగి శానాసేపైందని బోర్డులో పడింది. ఇంతసేపా?

రమణమ్మ: స్టాంపు కాడ ఒక లైను, పెట్టెకి ఇంకో లైను. కస్టమ్సోళ్ళు గొలుసు చూసి ఆపినారు. 24 గ్రాములని బిల్లు చూపించినా. ఏడాది దాటి ఆడుండిన ఆడోళ్ళకి 40 గ్రాముల దాకా నగ తెచ్చుకోవచ్చని మా ఇంట్లో పన్జేసే శ్రీలంకామె చెప్పుంది. పొమ్మన్నారు.

పెంచలయ్య: నేను నాలుక్కే వచ్చుండా.

రమణమ్మ: ఏమన్నా తిన్నావా?

పెంచలయ్య: టీ తాగినా. నువ్వు?

రమణమ్మ: ఇమానంలో ఏందో బన్ను ఇచ్చినారు.

(సందు దగ్గరికి వచ్చారు. తాడు లేదు. ఇద్దరూ ఒక్క క్షణం ఆగాలి. మూడు లెక్కపెట్టేంత సేపు, అంతకు మించొద్దు.)

పెంచలయ్య: ఇటియ్యి. నేను తోస్తా.

(ఆమె ట్రాలీ పిడి వదలదు. అతని చెయ్యి ఆమె చేతి మీద పడుతుంది. అతను కిందికి చూస్తాడు.)

పెంచలయ్య: చేతులకేమైంది మే?

రమణమ్మ: ఏం కాలా.

పెంచలయ్య: ఏం కాకుండానే గోళ్ళచుట్టూ ఇట్ట పగిలినాయా?

రమణమ్మ: క్లోరెక్స్. ఆ ఇంట్లో బాత్రూములు ఆరు. తొడుగులిచ్చినారు. అవి చినిగినాక మళ్ళా అడగబుద్ధి కాలా. పోతాయిలే, కొబ్బరినూనె రాస్తే.

పెంచలయ్య: ఒక్కనాడన్నా చెప్పలా.

రమణమ్మ: నువ్వు చెప్పినావా? రైలింగు పక్కన నడిచేటప్పుడే చూసినా. ఏదీ, ఆ స్తంభం దాకా నడు.

పెంచలయ్య: జనం చూస్తుండారు.

రమణమ్మ: చూడనీ. నడు.

(అతను నడుస్తాడు. కుంటడం ఎక్కువ చెయ్యకండి. ఎడమకాలు మోపేటప్పుడు అర క్షణం ఆలస్యం, అంతే. దాచాలనుకునేవాడు తిన్నగా నడవడానికి చూస్తాడు, కుంటడానికి కాదు.)

రమణమ్మ: ఎప్పుడు?

పెంచలయ్య: సంక్రాంతి ముందు. సుబాబుల్ కట్టె ట్రాక్టరుకి ఎత్తతా ఉంటే మొద్దు జారింది. ఆత్మకూరులో కట్టేసినారు. ఆరు వారాలు.

రమణమ్మ: ఆ ఆరు వారాలూ దినామూ మాట్లాడినా నీతో.

పెంచలయ్య: మంచం మీద కూర్చునే మాట్లాడినా. నీకు మొహమేగా కనపడేది.

(ఇక్కడ ఆమెకి కోపం రావాలి, ఏడుపు కాదు. గొంతు తగ్గించి, పళ్ళ సందునుంచి మాట్లాడండి. అతను “క్షమించు” అంటే సీను పుస్తకంలాగా అయిపోతుంది. ఆ మాట వాడొద్దు. వాదించండి.)

పెంచలయ్య: చెప్తే ఏం చేసేదానివి? పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని, మీ కఫీలు కాడ పాయె. వచ్చేస్తానని ఏడ్చేదానివి.

రమణమ్మ: ఏడ్చేదాన్నే. ఏడవనియ్యాల్సింది.

(మౌనం. అతను జేబులోంచి నీళ్ళసీసా తీసి మూత తిప్పి ఇస్తాడు. ఆమె తాగుతుంది, సగం మిగిల్చి తిరిగిస్తుంది. అతను తాగుతాడు. రాజీ ఇదే, మాటల్లో చెప్పొద్దు.)

రమణమ్మ: ఆస్పత్రికి నేను పంపిందాంట్లోనే తీసినావా?

పెంచలయ్య: దాన్ని ముట్టుకోలా. బర్రెనమ్మినా.

రమణమ్మ: పిల్లలకి పాలు?

పెంచలయ్య: పక్కింటోళ్ళ కాడ పూటకి అరలీటరు. లెక్కంతా రాసిపెట్టుండా.

రమణమ్మ: ఈడొద్దు. ఇంటికాడ చీటీపుస్తకం, బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకోని ఇద్దరం చూద్దాం.

(లెక్కలు గేటు దగ్గర తేల్చకండి. రెండేళ్ళ డబ్బు రెండు నిమిషాల్లో తేలితే ఎవరూ నమ్మరు.)

రమణమ్మ: పిల్లల్ని తీస్కరాలేదే?

పెంచలయ్య: చిన్నది కారులో కక్కతాది. అమ్మ కాడ వదిలినా. రమణా, ఒక మాట. అది నీ కాడికి బిన్నా రాదేమో. రెండున్నరేళ్ళప్పుడు పొయ్యుండావు గదా. ఫోన్లో అమ్మ వేరనుకుంటాది.

రమణమ్మ: (ఆగి) పెద్దది?

పెంచలయ్య: పెద్దది నీళ్ళు కాస్తానంది నీకు. చిన్నదాన్ని పిలవబాక, ఎత్తుకోబాక. నువ్వట్ట అరుగు మీద కూర్చో. అదే వస్తాది.

రమణమ్మ: ఎంతసేపు కూర్చోవాల?

పెంచలయ్య: వచ్చేదాకా.

(ఇప్పుడు కన్నీళ్ళు వస్తే రానివ్వండి. రాకపోతే తెప్పించుకోవద్దు, ఆమె అట్టపెట్టె తాడు సర్దుకుంటే చాలు.)

రమణమ్మ: కారెవరిది?

పెంచలయ్య: శీనుబావది. పార్కింగులో గంటలెక్కన తీసుకుంటారు, పద. సూళ్ళూరుపేట దాటినాక ఆపి తిందాం. అమ్మ పులిహోర కట్టిచ్చింది, నిమ్మకాయ ఊరగాయ కూడా. మధ్యాన్నానికి ఇంటికాడుంటాం.

రమణమ్మ: ఈ పెట్టె తలకిందులు చెయ్యబాకండి. అడుగున నిడో పాలపొడి డబ్బాలుండాయి, పైన సెంటు సీసాలు.

పెంచలయ్య: దుప్పటి?

రమణమ్మ: రెండు. ఒకటి మీయమ్మకి. నువ్వు ఆ పక్క పట్టుకో, నేనీ పక్క. కాలు మీద బరువు మోపబాక.

(ఇద్దరూ ఒకే పిడిని చెరోవైపు పట్టుకుని తోసుకుంటూ వెళ్ళాలి. చక్రం పక్కకి లాగుతుంది కాబట్టి ఇద్దరూ ఒకే వైపు సరిచెయ్యాల్సి వస్తుంది. ఇక్కడితో సీను ఆపి, పాత్రలు మార్చుకుని మళ్ళీ ఆడండి. రెండోసారి దాచిన సంగతులు వేరేవి పెట్టుకోండి. ఆమెకి చేతుల బదులు సన్నబడిన జుట్టు, అతనికి కాలి బదులు ఊడిన పన్ను. ఏదైనా సరే, ఫోన్లో తప్పించగలిగేది, గేటు దగ్గర తప్పించలేనిది కావాలి.)