పూర్ణకి, నవంబరు 24న

పూర్ణా,

పుట్టినరోజు శుభాకాంక్షలు.

జూన్ ఒకటిన ఫేస్‌బుక్‌లో నీకు చాలామంది చెప్పారు. కేకు బొమ్మలు, పూలగుత్తులు అన్నీ చూశాను. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. మరిచిపోయి కాదు. ఆ తేదీ నీది కాదు కదా. ఒకటో తరగతిలో చేరాలంటే ఐదేళ్లు నిండాలని బళ్లో మాష్టారు వేసిన తేదీ అది. టెన్త్ సర్టిఫికెట్‌లోకి ఎక్కింది, అక్కణ్ణించి ఆధార్‌లోకి, పాస్‌పోర్టులోకి వెళ్లింది. కాగితాల లెక్కన నీకు ఆర్నెల్ల కిందటే నలభైమూడు నిండాయి. నా లెక్కన ఇవాళే నిండాయి. నాగుల చవితి వెళ్లిన ఐదో రోజు, తెల్లవారుజామున పుట్టావని మీ నాన్నగారు పాత పంచాంగం అట్ట లోపల సిరాతో రాసి పెట్టుకున్నది నాకు చూపించారు. ఆ పంచాంగం ఇంకా మీ ఇంట్లోనే ఎక్కడో ఉండాలి.

ఇవాళ సోమవారం, ఆఫీసు హడావుడి ఉంటుంది. తీరిగ్గా చదువుకో. జవాబు రాయాలని ఏమీ లేదు. చదివి పక్కన పెట్టేసినా నేనేమీ అనుకోను, నిజంగా.

ఎలా మొదలుపెట్టాలో చాలాసేపు తెలియలేదు. "ఏమే" అని రాసి తుడిపేశాను. ఆరేళ్ల కిందట కాకినాడలో ఆ పెళ్లిలో కలిసినప్పుడు నాకు కాఫీ అందిస్తూ "తీసుకోండి" అన్నావు, గుర్తుందా? అనేసి ఒక్క క్షణం ఆగి, "తీసుకో" అన్నావు. ఇద్దరం నవ్వాం. చుట్టూ అంతమంది ఉన్నారు, అందరికీ ఇస్తూ ఇస్తూ నోటికి అదే వచ్చింది. నాకు తప్పుగా తోచలేదు. కానీ ఇంటికొచ్చాక ఆ "అండి" చెవిలో ఉండిపోయింది. మన మధ్య ఎంత దూరం జరిగిందో మనిద్దరం ఒకేసారి విన్న మాట అది. అందుకే ఇవాళ "ఏమే" అనడానికి నాకు మొహమాటంగా ఉంది, "మీరు" అనడానికి నోరు రాదు. "నువ్వు" అంటాను. అది చాలు.

మనం పోట్లాడుకోలేదు. పోట్లాట అయితే ఎవరో ఒకరు తగ్గి మాట్లాడేవాళ్లం. వారానికో ఉత్తరం నెలకో ఫోన్ అయింది, నెలకో ఫోన్ పండక్కి ఓ మెసేజీ అయింది, తర్వాత అదీ ఎవరో పంపిన సంక్రాంతి ముగ్గు బొమ్మే అయింది. నీకు పూనాలో ఇల్లు, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నాకిక్కడ బడి, మా అత్తగారి మోకాళ్లు, మా వాడి చదువు. ఎవరి తప్పూ వెతకడానికి ఇది రాయడం లేదు.

2015 పుష్కరాలప్పుడు నువ్వొచ్చి ఒక్కరోజుండి వెళ్లావని తర్వాత మీ అమ్మగారు చెబితే తెలిసింది. అప్పుడు కష్టపెట్టుకున్నాను, దాచను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ జనంలో చిన్నపిల్లలతో వచ్చి స్నానం చేసి క్షేమంగా వెళ్లడమే గొప్ప అనిపిస్తుంది. పైగా అంతకు పది రోజుల ముందు, తొలిరోజు పొద్దున్న పుష్కర ఘాట్ దగ్గర ఆ ఘోరం జరిగినప్పుడు, నాకు మొట్టమొదట మెసేజీ పెట్టింది నువ్వే. మా అన్నయ్య హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది నీ తర్వాతే. "మీరందరూ ఇంట్లోనే ఉన్నారా?" అని అడిగావు. "ఇంట్లోనే ఉన్నాం, అందరం బావున్నాం" అన్నాను. "హమ్మయ్య" అని ఒక్క మాట పెట్టావు. ఆ ఒక్క మాట నాకు చాలాకాలం సరిపోయింది.

అంతకు ముందు పుష్కరాలు, 2003వి, మనిద్దరివీ. మీ నాన్నగారి ఆఫీసు వాళ్లు యాత్రికులకి పులిహోర పొట్లాలు పంచుతుంటే మనల్ని కట్టడానికి కూర్చోబెట్టారు. పన్నెండు రోజులూ అదే పని. మధ్యాహ్నానికి వేళ్లన్నీ పసుపుపచ్చ. సబ్బుతో తోమినా పోయేది కాదు. పుష్కరాలైన వారానికి నువ్వు హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళితే, "చేతులకి ఆ పసుపేంటమ్మా, పెళ్లా?" అని అడిగారట కదా. వచ్చి చెబుతూ ఎంత నవ్వావో. ఆ నవ్వు ఇప్పటికీ అలాగే ఉందని కాకినాడలో చూశాను. సంతోషం వేసింది.

ఊరు చాలా మారింది. పేరు కూడా రాజమహేంద్రవరం అయింది, నా నోటికి మాత్రం రాజమండ్రే వస్తుంది. పాత హేవలాక్ వంతెన అలాగే నిలబడి ఉంది. మనం టెన్త్ రాసిన ఏడే దాని మీద రైళ్లు ఆగిపోయాయి. మా ఇన్నీసుపేట డాబా మీద పడుకుని, గూడ్సు వంతెన ఎక్కిన చప్పుడు వినిపిస్తే ఇది పాతదా కొత్తదా అని పందేలు కాసేవాళ్లం. ఎక్కువసార్లు నువ్వే గెలిచేదానివి. గౌతమీ గ్రంథాలయానికి మొన్న మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. ఒకమ్మాయి ఇంకో అమ్మాయి భుజం మీద గడ్డం ఆనించి ఒకే పుస్తకం చదువుతోంది. ముందు చదివేసినమ్మాయి రెండోదాని కోసం పేజీ తిప్పకుండా ఆగింది. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

శుక్రవారం పోలిపాడ్యమికి ఘాట్‌కి వెళ్లాను. నాలుగింటికే జనం. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదిలాను. మీ అమ్మగారు మనిద్దరినీ చీకటితో లేపి తీసుకెళ్లేవారు, చన్నీళ్లు పోసుకోలేక నువ్వు మెట్ల మీదే కూర్చుండిపోయేదానివి. ఆవిడ పేరు చెప్పి కూడా ఒక దీపం వదిలాను, నీ దగ్గర చల్లగా ఉండాలని. మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని విన్నాను. నేను అడిగానని చెప్పు.

ఒక మాట నాలుగేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. పుట్టినరోజు పూట చెప్పొచ్చా అని ఆలోచించి, చెప్పొచ్చనే అనుకున్నాను.

మీ నాన్నగారు పోయిన సంగతి నాకు మూడు నెలలు ఆలస్యంగా, రైతుబజారులో ఎవరో చెబితే తెలిసింది. ఆ రాత్రి నీకు మెసేజీ రాశాను, తుడిపాను. మళ్లీ రాశాను. అంత ఆలస్యంగా పలకరిస్తే ఆరిన పుండు రేపినట్టవుతుందని భయపడి ఆగిపోయాను. ఆగకుండా ఉండాల్సింది. అది నా వల్ల జరిగిన లోటు, అందుకు నన్ను మన్నించు.

ఆయన గురించి నీకు తెలియనిది ఒకటి నా దగ్గరుంది. నువ్వు చూసే వీలే లేదు, ఎందుకంటే అప్పుడు నువ్వు రైల్లో ఉన్నావు.

2003 ఆఖర్లో నువ్వు ఉద్యోగంలో చేరడానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రాత్రి. రైలు కదిలింది, నువ్వు కిటికీలోంచి చెయ్యి ఊపావు, అంతవరకే నీకు తెలుసు. ఆ తర్వాత నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నారు. సైకిలెక్కలేదు. చేత్తో నడిపించుకుంటూ నా పక్కనే నడిచారు. దారంతా ఒక్క మాట లేదు. మెయిన్ రోడ్డులో మనం ఎప్పుడూ ఆగే రోజ్‌మిల్క్ కొట్టు మూసేస్తుంటే, ఆగి, "మూడియ్యి" అన్నారు. చలిగా ఉంది, తాగే వేళ కూడా కాదు. కుర్రాడు మూడు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన మూడో గ్లాసు వంక చూశారు. నేనూ చూశాను. కుర్రాడు పొరపాటేమో అనుకుని దాన్ని వెనక్కి తీసుకోబోతే, "ఉండనీ బాబూ, మాదే" అన్నారు. దాన్ని సగం నా గ్లాసులో వంచి, మిగతా సగం ఆయన తాగారు. మూడింటికీ డబ్బులిచ్చారు. మా గుమ్మం దగ్గర, "అది చేరగానే ఫోన్ చేస్తుందిలే అమ్మా, నీకు కూడా" అని వెళ్లిపోయారు.

ఇది నీకు చెప్పొద్దని ఆయన అనలేదు. చెప్పడానికి నాకే ఎప్పుడూ సందు దొరకలేదు. ఇన్నాళ్లూ నా దగ్గరున్నా ఇది నీదే. పుట్టినరోజుకి పంపడానికి ఇంతకంటే మంచిది నా దగ్గర ఇంకేదీ కనపడలేదు.

మళ్లీ పాతరోజుల్లా వారం వారం మాట్లాడుకుందాం అని అడగను. అది ఇద్దరికీ బరువవుతుంది, రెండు వారాలు మాట్లాడి మూడో వారం మానేసి మళ్లీ మొహమాటపడతాం. ఎప్పుడైనా ఇటు రావడం పడి, ఒక గంట చేతిలో ఉంటే, మా ఇల్లు అక్కడే, ఆ డాబా ఇంట్లోనే. 2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. వస్తే స్నానానికి తోడు నేనున్నాను. రాలేకపోతే మీ నాన్నగారి పేర మూడు మునకలు నేను వేస్తాను. ఈ రెండిట్లో ఏదైనా నాకు ఇష్టమే.

ఈ ఏడు నీకు ఆరోగ్యంగా గడవాలి. పెద్దవాడికి ఈసారి పన్నెండో తరగతి అని విన్నాను, వాడి చదువు బెంగ నీకు ఎక్కువ లేకుండా ఉండాలి. నీకంటూ రోజుకో అరగంట దొరకాలి, ఏ పుస్తకం పట్టుకునో, ఊరికే కూర్చునో. ఎవరో నిన్ను బాగా నవ్వించాలి.

మీ అమ్మగారు ఏటా ఇవాళ పూర్ణం బూరెలు వండేవారు, నీ పేరుతో వెక్కిరించడానికి మాకు ఇంకో వంక దొరికేది. పొద్దున్నే శనగపప్పు నానబోశాను. బడి నుంచి రాగానే వండుతాను. మా ఇంట్లో అందరం నీ పేరు చెప్పుకుని తింటాం.

వాణి