సావిత్రికి ఉత్తరం

పర్లాకిమిడి,
12 జనవరి 2025

సావిత్రి గారికి,

ఇలా 'గారు' అని మొదలుపెట్టి, 'మీరు' అని నాలుగు వాక్యాలు రాసి, ఆ కాగితం పక్కన పెట్టేశాను. మనం ఎప్పుడూ అలా మాట్లాడుకోలేదు. తప్పనిపిస్తే చెప్పు, మానేస్తాను.

నేను గోపీనాథ్‌ని. టెక్కలిలో మీ తమ్ముడి దగ్గర చిరునామా తీసుకున్నాను. ఉత్తరం రాయొచ్చా అని నిన్ను అడిగాకే ఇచ్చాడు. మీ వారు పోయారని, శ్రీకాకుళంలో కూతురి దగ్గర ఉంటున్నావని అతనే చెప్పాడు. నా భార్య కుముదిని పోయి ఆరేళ్లయింది. రూర్కెలాలో ఉద్యోగం ముగించుకుని మళ్లీ ఇక్కడికే వచ్చేశాను.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, నా చేత్తో, తెలుగులో. నీకు ఆశ్చర్యంగా ఉండకపోవచ్చు. నాకు తెలుగు రాయడం, చదవడం వచ్చని నీకు 1981లోనే చెప్పాను కదా. అది అబద్ధం సావిత్రీ.

శనివారం శనివారం నువ్వు ఊరెళ్తుంటే చిన్న రైలుబండిలో నీతోపాటు ఎక్కేవాణ్ణి. పాతపట్నం దాకా టిక్కెట్టు కొనుక్కుని, అక్కడ దిగి, మహేంద్రతనయ నది దాటి నడుచుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. ఆ కాస్త దూరంలోనే కిటికీ చెక్క మీద పట్టిన దుమ్ములో వేలితో అక్షరాలు రాసి చూపించేదానివి. తలకట్టు, గుడి, కొమ్ము. సున్న కనిపిస్తే నాకు మా ఒడియా 'ఠ' అనిపించేది. "ఏటి, ఇంకా రానేదా?" అని నువ్వు అడిగిన రోజు, "వచ్చేసింది" అనేశాను. మాట్లాడ్డం చిన్నప్పట్నుంచీ వచ్చు, మా వీధంతా తెలుగే. చదువు మాత్రం ముక్క రాదు. నీ ముందు తక్కువైపోతానని భయపడ్డాను.

ఆ మాట నమ్మే కదా, 1982 జనవరిలో రూర్కెలాకి తెలుగులో రాశావు. ఇంగ్లీషులో రాస్తే అర్జీలా ఉంటుందనేదానివి. రెండు పేజీలు. నాకు అందులో నా పేరు, నీ పేరు తప్ప ఏమీ తెలియలేదు. సంబంధాలు చూస్తున్నారని చివరిసారి బండిలో చెప్పావు, అదే రాసుంటావనుకున్నాను. పక్క గదిలో విజయనగరం కుర్రాడుండేవాడు. అడిగితే చదివిపెట్టేవాడు. నీ మాట ఇంకొకరి నోట వినలేకపోయాను. ఉత్తరం పెట్టె అడుగున పెట్టేశాను. వైశాఖంలో నీ పెళ్లైందని తెలిసింది.

మొన్న ఎండాకాలంలో, పక్కింట్లో అద్దెకుంటున్న వాళ్ల పాప ఒకటో తరగతి వాచకం పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, నేనూ కూర్చున్నాను. నోటితో మాట్లాడినట్టే రాయాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టింది మా ఊళ్లో ఉండే కదా, అదే నాకు ధైర్యం. నాలుగు నెలలు పట్టింది. దసరా వెళ్లాక నీ ఉత్తరం తీశాను. మడతల దగ్గర చిరిగింది, సిరా గోధుమరంగుకి తిరిగింది. కూడబలుక్కుంటూ మూడు సాయంత్రాలు చదివాను.

"రథసప్తమికి అరసవల్లి వస్తన్నాం. నాన్న కూడా వస్తాడు. కోనేటి మెట్ల దగ్గరుంటాను. నాన్నతో నేనే చెప్తాను, నువ్వు పక్కన నిలబడితే చాలు."

'నిలబడితే' దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బ-కీ డ-కీ మధ్య తడబడ్డాను. మాట పూర్తిగా తెలిసాక ఆ రాత్రి అన్నం తినలేదు.

నువ్వు మెట్ల మీద ఎంతసేపు చూశావో నాకు తెలియదు. ఆ రోజు నేను రూర్కెలాలో రెండో షిఫ్టులో ఉన్నాను. రాకూడదనుకుని మానేశాననుకుని ఉంటావు. అలా కాదు. పిరికితనం నాదే, అబద్ధం నాదే, కానీ రాకూడదని మాత్రం ఏనాడూ అనుకోలేదు. ఈ ఒక్కటీ నీకు తెలియాలి. కుముదినితో నా కాపురం మంచిగానే సాగింది, నీ కాపురమూ అలాగే సాగిందని మీ తమ్ముడు చెప్పాడు. వాటిని చిన్నచేసే మాట ఏదీ నేను అడగను.

మన చిన్న బండి 2004లో ఆపేశారు. ఇప్పుడు పెద్ద లైను. మొన్న దాని మీదే పాతపట్నం దాకా వెళ్లి, దిగి, నడిచి వచ్చాను. మోకాళ్లు సహకరించలేదు కానీ నది దగ్గర కాసేపు కూర్చున్నాను.

వచ్చే నెల నాలుగున రథసప్తమి. నేను అరసవల్లి వస్తాను. నువ్వు రావాలని కాదు. వచ్చినా మీ అమ్మాయితో కలిసి రా, జనం ఎక్కువ. ఉదయం కోనేటి దగ్గరే ఉంటాను.

జవాబు రాయాలనిపిస్తే తెలుగులోనే రాయి. కాస్త విడివిడిగా రాయి, ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నాను.

గోపీనాథ్