14 యూనిట్లకు 319 రూపాయలా? కరెంటు బిల్లు చదవడం ఇలా

(చేతిలో బిల్లు, కెమెరాకు దగ్గరగా)

ఇది మా పై పోర్షన్ పిన్నిగారి కరెంటు బిల్లు. పోయిన నెల 952 రూపాయలు, ఈ నెల 1,271. "మీటరు పరిగెత్తుతోంది బాబూ, కంప్లైంట్ పెట్టు" అంటూ తెచ్చిచ్చారు. మీటరుకేం కాలేదండీ. పోయిన నెల సరిగ్గా 200 యూనిట్లు కాలాయి, ఈ నెల 214. పద్నాలుగు యూనిట్లకే 319 రూపాయలు ఎలా పెరిగాయో ఈ కాగితంలోనే ఉంది.

(వేలు రీడింగ్ దగ్గర)

ముందు ఇక్కడ చూడండి. ఇప్పటి రీడింగ్ 14,596, పోయినసారి 14,382. తీసేస్తే 214. మీటరు తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి కదా, పక్కన kWh అని వచ్చినప్పుడు కనిపించేదే మీ రీడింగ్. బిల్లులో ఉన్నదానికంటే అది తక్కువ చూపిస్తే అప్పుడు ఫోన్ చేయండి, తప్పు వాళ్లదే. రెండు రీడింగ్‌ల తేదీలు కూడా చూసుకోండి, మధ్యలో సుమారు 30 రోజులే ఉండాలి.

ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడవడం. పిన్నిగారి గీజర్ రెండు వేల వాట్లు. అరగంట వేసి ఉంచితే ఒక యూనిట్ అయిపోయినట్టే.

(తెర మీద: 200 యూనిట్లు = ₹820, 214 యూనిట్లు = ₹1,127.80)

ఇక అసలు కథ, స్లాబులు. ఇవి ఈ వీడియో తీసే నాటికి తెలంగాణలో ఉన్న రేట్లు. నెలకు 100 దాటి 200 లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4.80. మొత్తం 820. బాగానే ఉంది.

201 అయిందనుకోండి. ఆ ఒక్క యూనిట్‌కే రేటు పెరుగుతుందని అందరూ అనుకుంటారు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కాదు. మీరు మొత్తంగా వేరే గ్రూపులోకి వెళ్లిపోతారు. అక్కడ మొదటి యూనిట్ నుంచే 5.10. అంటే పాత 200 యూనిట్లకే 820 బదులు 1,020. పైన ఉన్న 14 యూనిట్లకు 7.70 చొప్పున 107 రూపాయల 80 పైసలు. పిన్నిగారికి దెబ్బ పడింది ఇక్కడే. 100 దాటినప్పుడూ ఇదే తంతు, కాకపోతే తేడా చిన్నది. గృహజ్యోతి ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త: 200 దాటిన నెల జీరో బిల్లు రాదు, మొత్తం కట్టాల్సిందే.

ఆంధ్రలో చూస్తున్నవాళ్లకు ఈ గ్రూపుల గొడవ లేదు. 2022లో తీసేశారు. అక్కడ గీత దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది.

(వేలు కింది లైన్ల మీద)

ఫిక్స్‌డ్ ఛార్జీ 30 రూపాయలు. దీనికీ వాడకానికీ సంబంధం లేదు. కనెక్షన్ తీసుకున్నప్పుడు రాయించుకున్న లోడు మీద, కిలోవాట్‌కు పది రూపాయలు. పిన్నిగారిది 3 కిలోవాట్లు. ఇల్లు తాళం వేసి అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలున్నా ఇది పడుతూనే ఉంటుంది. "ఎవరూ లేని ఇంటికి బిల్లేంటి" అని నన్ను చాలామంది అడిగారు, ఇదిగో ఇందుకే.

కస్టమర్ ఛార్జీ పోయిన నెల 90, 200 దాటింది కాబట్టి ఈ నెల 100. ఎలక్ట్రిసిటీ డ్యూటీ యూనిట్‌కు ఆరు పైసలు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పాత బాకీ ఉంటే ఏరియర్స్ అని విడిగా ఉంటుంది. బిల్లు ఉన్నట్టుండి రెట్టింపైతే నేను ముందు చూసేది ఆ లైనే.

(మీటరు ముందు నిలబడి)

పిన్నిగారికి ఒకటే చెప్పాను. రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున మీటరు చూసి, బిల్లులో ఉన్న ఇప్పటి రీడింగ్ అందులోంచి తీసేయండి. 133 దాటిందంటే ఆ నెల 200 దాటే దారిలో ఉన్నట్టే. మిగిలిన పది రోజులు గీజర్ స్విచ్ ఎవరు వేశారో, ఎవరు ఆపారో చూసుకోవాలి.

"అది మీ బాబాయికి చెప్పు" అన్నారు.